నీ అద్దాల ముచ్చట

బిడ్డా,

ఫోన్ల ఈ ముచ్చట తీస్తే నువ్వు పెట్టేస్తవు, అందుకే రాస్తున్న. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ మీ మేనత్త దూరం నుంచి చెయ్యూపింది. నువ్వు కళ్లు చికిలించి చూసి, మొఖం తిప్పుకున్నవు. "కోడలు పిల్లకు గర్వమొచ్చింది" అని ఇప్పటికీ అంటున్నది. నీ అద్దాలు హాస్టల్ పెట్టెల బట్టల కింద ఉన్నయని ఆమెకేం తెలుసు?

నీది రెండు కళ్లకూ మైనస్ 2.25. పుస్తకం మంచిగనే కనపడుతది కాబట్టి నాకేం కాలేదంటవు. ఈ పవర్‌కు సాఫుగ కనపడేది 44 సెంటీమీటర్ల దాకనే. అంటే మూరెడు దాటితే మసక మొదలు. ఇగ బోర్డు సంగతేంది?

తప్పు నాది గూడ. ఎదిగే పిల్ల కదా అని, యూనిఫాం కొన్నట్టు పెద్ద సైజు ఫ్రేమ్ కొన్న. మైనస్ అద్దం నడుమ పల్చగుంటది, అంచుకు పోయినకొద్దీ మందమైతది. ఫ్రేమ్ వెడల్పైతే ఆ మందమంత బయటికి కనపడుతది. నిన్ను 'సోడాబుడ్డి' అన్నరంటే సగం కారణం నేను కొన్న ఫ్రేమే.

సంక్రాంతి సెలవులకు రాంగనే ముందు కళ్ల పరీక్ష చేయిద్దాం, చీటీ ఏడాది పాతది. తర్వాత హన్మకొండ చౌరస్తాల షాపుకు పోదాం. ఈసారి ఫ్రేమ్ నువ్వే తీసుకో, నేను నోరు తెరువ. మూడు సంగతులే చూడు. కంటిపాప అద్దం నడిమికి దగ్గర్ల పడాలె. ఫ్రేమ్ నీ మొఖం వెడల్పు దాటొద్దు. తల వంచి ఊపితే ముక్కు మీదికెళ్లి జారొద్దు. ఖోఖో ఆడుతవు కాబట్టి పాలికార్బొనేట్ అద్దాలడుగుదాం. అవి తొందరగ పగలవు, పల్చగ గూడ ఉంటయి. యాంటీ గ్లేర్ పూత ఏయిస్తే ట్యూబ్‌లైట్ మెరుపు తగ్గి నీ కళ్లు కనపడతయి, ఫొటోల గూడ.

పెట్టుకుంటే పవర్ పెరుగుతదని మీ నానమ్మ అంటది. పెరిగేది ఈ వయసుల కనుగుడ్డు పొడుగు సాగి. అద్దాలు పెట్టెల దాస్తే అది ఆగదు.

కొత్తవి పెట్టుకొని ఒక్కసారే క్లాసుకు పోకు. ముందటి రాత్రి నీ రూమ్ దోస్తుకు చూపియ్యి, పొద్దున ఆమెతోనే పో. ఎవరన్న ఆ పేరు పెట్టి పిలిస్తే "అవ్, బోర్డు మంచిగ కనపడుతున్నది" అని నీ పని చూసుకో. మొఖం ఎర్రబడుతదేమో, పడనీ. అద్దాలు గుంజుకుంటే, వారమైనా ఆపకపోతే మాత్రం నాకు చెప్పు. నువ్వు సరే అన్నంకనే వార్డెన్ మేడంతోని మాట్లాడుత.

క్లాసుల, రోడ్డు మీద, ఆటల పెట్టుకో. మంచం మీద చదువుకునేటప్పుడు తీసేస్తే నేనేమన. కాంటాక్ట్ లెన్సులంటవా, ఇంటర్‌ల చూద్దాం. చేతులు కడుక్కోకుండ ముట్టుడు, పెట్టుకొని పండుడు, నల్లా నీళ్లతోని కడుగుడు, ఏదీ నడువదు వాటితోని.

అత్తకు ఒకసారి ఫోన్ చెయ్యి. నేను చెప్పిన గని, నీ నోటితోని వినాలంటున్నది.

నీ బాపు