వెనకబడ్డ పిల్లలకు వేరే మెటీరియల్ వద్దు, అదే ప్రశ్న ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలా బడుల్లో మొదట జరిగే పని క్లాసును మార్కుల ప్రకారం విడగొట్టడం. బాగా చదివేవాళ్లకు లావుపాటి క్వశ్చన్ బ్యాంక్, వెనకబడ్డవాళ్లకు పది పేజీల మినిమమ్ మెటీరియల్. మధ్యలో ఉన్నవాళ్లు ఏ గుంపులో పడితే ఆ పుస్తకం. నేను లెక్కలు చెప్పే టీచర్ని. ఈ పద్ధతి మానేయాలని, అందరికీ ఒకే మెటీరియల్ ఇచ్చి, అందులోని ప్రశ్నను ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది మాత్రం మార్చాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మీ పేపరు చేయగలిగిన పని కూడా ఒకటి ఉంది, అది చివర్లో చెప్తాను.

ఆ పల్చటి పుస్తకంతో వచ్చే నష్టం ఏమిటంటే, అందులో పెద్ద ప్రశ్న ఉండదు. ఖాళీలు, సూత్రాలు, ఒక్క లైనులో తేలిపోయే చిన్న లెక్కలు, వాటినే మళ్లీ మళ్లీ. దాంతో ఆ పిల్లవాడు ఐదు మార్కుల ప్రశ్నను మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే, చూడగానే పేజీ తిప్పేస్తాడు. నిజానికి ఆ ప్రశ్నలో మొదటి రెండు స్టెప్పులు వాడికి వచ్చినవే అయి ఉంటాయి, అవి రాసినా రెండు మార్కులు పడేవి. ఇంగ్లండ్‌లో మన పదో తరగతి పరీక్షలాంటి జీసీఎస్ఈలో లెక్కలకు రెండు స్థాయుల పేపర్లు ఉంటాయి. అక్కడ కింది స్థాయి పేపరు రాసినవాళ్లకు ఎంత బాగా రాసినా 5వ గ్రేడు దాటి రాదు, 9వ గ్రేడు దాకా వెళ్లాలంటే పై స్థాయి పేపరే రాయాలి. అక్కడ ఆ సంగతి రూల్‌గా రాసి ఉంది కాబట్టి బడికీ తల్లిదండ్రులకూ ముందే తెలుస్తుంది. అందరూ ఒకే పేపరు రాసే పరీక్షలో మాత్రం మెటీరియల్ పేరుతో మనమే అలాంటి హద్దు గీస్తున్నాం, అది ఎక్కడా రాసి ఉండదు, పిల్లవాడికి ఎవరూ చెప్పరు.

ఏం చేయాలంటున్నానో ఒక్క ప్రశ్న తీసుకుని చూపిస్తాను. వర్గ సమీకరణాల పాఠంలో అందరికీ తెలిసిన రకమే: ఒక దీర్ఘచతురస్రాకార స్థలం పొడవు వెడల్పు కంటే 4 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 96 చదరపు మీటర్లు, పొడవు వెడల్పులు కనుక్కోండి. వెడల్పు x అనుకుంటే పొడవు x + 4, కాబట్టి x(x + 4) = 96, అంటే x² + 4x − 96 = 0. కారణాంకాలు (x + 12)(x − 8), కాబట్టి x విలువ −12 లేదా 8. వెడల్పు రుణాత్మకం కాదు కనుక 8 మీటర్లు, పొడవు 12 మీటర్లు. దీన్నే ఒక పేజీ మీద మూడు చోట్ల నుంచి మొదలుపెట్టేలా ఇవ్వొచ్చు.

మొదటి చోటులో సాధన దాదాపు అంతా రాసి ఉంటుంది, చివరి స్టెప్పులు మాత్రం ఖాళీ. ఖాళీ చివర్లో ఉండాలి, మొదట్లో కాదు. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. చదివిన ప్రశ్నను సమీకరణంగా మార్చడమే ఇందులో అన్నిటికంటే కష్టం, దాన్ని ఖాళీగా వదిలేసి మిగతాదంతా ఇస్తే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. చివరి స్టెప్పు నుంచి మొదలుపెట్టి, రెండో లెక్కలో ఇంకో స్టెప్పు తీసేసి, మూడో లెక్కలో మరొకటి తీసేసి, అలా వెనక్కి వస్తూ సమీకరణం దాకా రావాలి. రెండో చోటులో ప్రశ్న, పక్కన 'వెడల్పును x అనుకోండి' అన్న ఒక్క లైను ఉంటే చాలు. మూడో చోటు లెక్క తొందరగా ముగించేవాళ్లకు. వాళ్లకు ఇంకో పది లెక్కలు పడేయకుండా అదే లెక్కను లోతుగా అడగాలి: పొడవు వెడల్పు కంటే 4 మీటర్లే ఎక్కువ ఉంచి, వెడల్పు పూర్ణసంఖ్య వచ్చేలా వేరే వైశాల్యాలు వెతకండి, వాటన్నిట్లో ఉమ్మడిగా ఏముందో చెప్పండి. 5, 12, 21, 60, 77 ఇలా దొరుకుతాయి. ప్రతిదానికీ 4 కలిపి చూస్తే 9, 16, 25, 64, 81, అన్నీ వర్గసంఖ్యలే. ఎందుకు అలా వస్తుందని అడిగితే వర్గం పూర్తిచేసే పద్ధతి దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు, ఎందుకంటే x² + 4x కు 4 కలిపితే అది (x + 2)². ఆ పద్ధతిని సూత్రంగా బట్టీపట్టిన పిల్లలు కూడా ఇక్కడ ఒక్క నిమిషం ఆగి పేపరు వంక చూడటం నేను గమనించాను.

ఇలా చేయడానికి పరిశోధన ఆధారం కూడా ఉంది. బీజగణితం నేర్చుకునే పిల్లల మీద స్వెల్లర్, కూపర్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్తగా నేర్చుకునేవాళ్లు లెక్కలన్నీ సొంతంగా కుస్తీపడి చేయడం కంటే చేసిన సాధనలు చదివి అలాంటివి చేసినప్పుడు తక్కువ టైములో మెరుగ్గా నేర్చుకున్నారు. స్వెల్లరే మరికొందరితో కలిసి 2003లో రాసిన వ్యాసంలో దీనికి రెండో వైపు ఉంది: అప్పటికే విషయం వచ్చినవాళ్లకు అదే సాయం అడ్డమవుతుంది. అంటే అందరికీ పూర్తి సాధనలు ఇవ్వడం, అందరికీ ఒట్టి ప్రశ్నలు ఇవ్వడం, రెండూ క్లాసులో ఎవరో కొందరికి నష్టమే.

ఇక్కడ అసలు జాగ్రత్త ఒకటి ఉంది. మూడు చోట్ల మొదలైనవాళ్లు పీరియడ్ అయ్యేలోపు ఒకే ప్రశ్న దగ్గరికి రావాలి. చివరి ఎనిమిది, పది నిమిషాల్లో ఏ సాయమూ లేని ఒక కొత్త లెక్క అందరికీ ఇవ్వాలి. ఉదాహరణకు పొడవు వెడల్పు కంటే 7 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 60 (వెడల్పు 5, పొడవు 12 వస్తుంది). పైన ఖాళీలన్నీ సరిగ్గా నింపిన అమ్మాయి ఈ లెక్కలో మొదటి లైను కూడా రాయలేకపోతే, ఆలోచించాల్సిన పని అంతా మన ఖాళీలే చేసేశాయన్నమాట. అప్పుడు ఆ పిల్లకు ఇంకా సులువైన పేజీ అక్కర్లేదు, అదే పేజీలో ఇంకొక స్టెప్పు తీసేసి ఇవ్వాలి. ఈ చివరి లెక్క పెట్టకపోతే మొదటి చోటు మళ్లీ మినిమమ్ మెటీరియలే అవుతుంది, పేరు మారుతుంది అంతే.

ఈ చివరి లెక్కల పేపర్లు దిద్దుతుంటే మార్కుల గుంపులు ఎంత తప్పో తెలుస్తుంది. కొందరు x(x + 7) = 60 దగ్గర ఆగి, x = 60 అనీ x + 7 = 60 అనీ రాసేస్తారు. లబ్ధం సున్నా అయితేనే ఏదో ఒక కారణాంకం సున్నా అవుతుందన్న సంగతి వాళ్లకు అందలేదు, వాళ్లకు కావలసింది ఆ ఒక్క విషయం మీద పావుగంట. కొందరు (x + 12)(x − 5) దాకా చక్కగా వచ్చి x = 12, −5 అని గుర్తులు తిప్పి రాస్తారు. ఇంకొందరు, వీళ్లలో క్లాసు టాపర్లు కూడా ఉంటారు, రెండు విలువలూ రాసి రుణాత్మకం ఎందుకు వదిలేయాలో చెప్పకుండా, మీటర్లు అని రాయకుండా ముగించి మార్కు పోగొట్టుకుంటారు. ఏ స్టెప్పులో ఎవరు తడబడతారన్నది సంవత్సరం మొత్తం మార్కుల్లో కనిపించదు. కాబట్టి గుంపు అనేది పాఠానికి ముందు పెట్టే ఐదు నిమిషాల స్లిప్ టెస్టును బట్టి ఉండాలి, పాఠం మారితే మారిపోవాలి. త్రికోణమితిలో మొదటి చోటు నుంచి మొదలుపెట్టిన పిల్లవాడు సంభావ్యతలో మూడో చోటులో ఉండొచ్చు. ఎ బ్యాచ్, సి బ్యాచ్ అని పేరు పెట్టి సంవత్సరమంతా ఉంచేస్తే ఈ కదలికే ఉండదు, పైగా సి బ్యాచ్ పిల్లవాడు తనకు ఏమొచ్చో ఏది రాదో చూసుకోవడం మానేసి ఆ అక్షరాన్నే నమ్ముతాడు.

ఇది అన్నిటికీ మందు అని నేను చెప్పను. రుణ సంఖ్యల గుణకారమే రాని పిల్లవాడికి ఖాళీలు నింపే పేజీ ఏమీ చేయదు, వాడికి విడిగా కూర్చోబెట్టి అదే చెప్పాలి, దానికి టైమ్‌టేబుల్‌లో చోటు ఇవ్వాలి. అలాగే యాభై మంది ఉన్న క్లాసులో ప్రతి పీరియడ్‌కూ ఇలాంటి పేజీ తయారుచేయమంటే ఏ టీచరూ చేయలేరు. మూడు చోట్లకు మించి పెట్టినా పని జరగదు, టీచర్ దృష్టంతా పేపర్లు పంచడం మీదే పోతుంది. వారంలో రెండు పెద్ద ప్రశ్నలకు ఇలా చేయగలిగితే చాలు.

అందుకే మెటీరియల్ అందరిదీ కావాలంటున్నాను. ఇప్పుడు ప్రతి బడిలో ప్రతి టీచరూ రాత్రిళ్లు కూర్చుని అవే ప్రశ్నలు మళ్లీ టైప్ చేసుకుంటున్నారు, లేదంటే ఎవరో పంపిన, అక్షరాలు కూడా సరిగ్గా కనపడని జిరాక్స్ కాపీని స్కాన్ చేసి వాడుకుంటున్నారు. ఆ కాపీ కీలో ఒక తప్పు ఉంటే అది అన్ని బడులకూ పాకుతుంది, సరిదిద్దినవాళ్లు తమ పుస్తకంలోనే దిద్దుకుంటారు. పాఠానికి ఇన్ని అని పెద్ద ప్రశ్నలు ఎంచి, ఒక్కో ప్రశ్నకూ స్టెప్ మార్కులు, మూడు మొదలు చోట్లు, పిల్లలు సాధారణంగా చేసే రెండు మూడు తప్పులు రాసిపెట్టి, టీచర్లు అంకెలు మార్చుకోగలిగే ఫైలుగా పరీక్షల బోర్డే అందరికీ ఇవ్వాలి. అంకెలు మార్చే వీలు తప్పకుండా ఉండాలి, లేకపోతే వారం తిరిగేసరికి పిల్లలు 8, 12 అన్న జవాబునే గుర్తుపెట్టుకుంటారు. మార్చేటప్పుడు కూడా చూసుకోవాలి: పొడవు 5 మీటర్లు ఎక్కువ అని మార్చి వైశాల్యం 96గానే వదిలేస్తే పూర్ణసంఖ్య రాదు, కారణాంకాలు నేర్పాల్సిన రోజున పిల్లలు సూత్రంలో ఇరుక్కుంటారు. ఫైలు పైన తేదీ, ఎవరు ఏ లెక్క దిద్దారో ఒక లైను ఉంటే పాత కాపీ ఏదో కొత్తది ఏదో తెలుస్తుంది.

ఇక మీకు చేస్తున్న మనవి. పరీక్షల ముందు విద్యార్థుల పేజీలో మీరు మోడల్ పేపర్లు వేస్తారు, బాగా చదివే పిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటారు కూడా. అందులో ప్రశ్న ఉంటుంది, చివరి జవాబు ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. ఆ పేజీ ముందుకు లాగాల్సిన పిల్లవాడికే అది ఉపయోగపడదు. పేపరుకు ఒక్క పెద్ద ప్రశ్నను ఎంచుకుని, ఏ స్టెప్పుకు ఎన్ని మార్కులో చూపిస్తూ, చివరి రెండు స్టెప్పులు ఖాళీగా వదిలిన సాధన ఒకటి, దాని కిందే సాయం లేని అదే రకం లెక్క ఒకటి వేయండి, జవాబు మర్నాడు ఇవ్వండి. దానికి చోటు చాలకపోతే ఆ రోజు పది ప్రశ్నల బదులు తొమ్మిదే వేయండి. మొదటి కొన్ని పేజీలకు లెక్కలు రాసి, కీ సరిచూసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాలాంటి టీచర్లు ఇంకా చాలామంది ముందుకు వస్తారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్