మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ ఫైలు గురించి డివిజనల్ ఇంజనీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీఈ గారికి,

నమస్కారం. మా సెక్షన్ ఏఈ గారి పైన ఏడీఈ గారు, వారి పైన మీరు. ఇద్దరినీ దాటి మీకు రాస్తున్నాను కాబట్టి ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఈ లేఖ మీకు చేరే ముందే ఏఈ గారు చదివారు. నేనే వాళ్ల ఆఫీసుకు పట్టుకెళ్లి చూపించాను. ఒక తేదీ తప్పుంటే దిద్దారు. "పంపండి సార్, పై నుంచి ఒక మాట వస్తే నాకూ పని తేలికవుతుంది" అన్నారు. ఏడీఈ గారికీ ఒక ప్రతి ఇచ్చి ఇన్‌వార్డు ముద్ర వేయించుకున్నాను.

మా కాలనీకి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే ఉంది. అది పెట్టిన రోజుల్లో ఇక్కడ ఇళ్లు తక్కువ, ఏసీలు అసలే లేవు. ఇప్పుడు ఇంటికో బోరు మోటారు, రెండిళ్లకో ఏసీ. మా ఇల్లు లైనుకు చివరన, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 14వ స్తంభం దగ్గర ఉంటుంది. వేసవిలో రాత్రి ఏడు దాటితే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. గ్రైండరు మూలుగుతుంది గానీ రాయి తిరగదు. మల్టీమీటరు పెట్టి చూస్తే 172 వోల్టులు వచ్చింది. 230కి ఆరు శాతం తగ్గినా 216 ఉండాలి.

మే 14న 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇవాళ ఫిబ్రవరి 2. లెక్క వేస్తే 264 రోజులు.

నిజం చెప్పాలంటే, ఈ లేఖ మొదటి చిత్తుప్రతిలో ఈ అంకె పక్కనే "సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని రాశాను. తర్వాత కొట్టేశాను. మర్యాద కోసం కొట్టేశానని అనుకోవద్దు. నేను వేరే శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను, ముప్పై ఏళ్లు తపాలు విప్పినవాణ్ణి. "నిర్లక్ష్యం" అన్న మాటున్న కాగితం పై ఆఫీసుకు వస్తే ఏమవుతుందో తెలుసు. దాని మీద "తగు చర్య నిమిత్తం, నివేదిక పంపవలెను" అని రాసి, ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే పంపుతాం. ఆయన తన పని పక్కనపెట్టి సంజాయిషీ రాసుకుంటాడు. అది పైకొస్తుంది, అందులో ఒక తేదీ మీద మళ్లీ ప్రశ్న వేస్తాం. నెలన్నర గడిచేసరికి ఫైలు లావవుతుంది, విషయం మాత్రం మారిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ గురించి మొదలైన ఫైలు ఏఈ గారి ప్రవర్తన గురించిన ఫైలుగా తేలుతుంది. నా సర్వీసులో అలాంటివి నేనే ఎన్నో కిందికి పంపాను.

అందుకని ఎవరు ఏం చేయలేదో రాయడం మాని, ఫైలు ఎక్కడ, ఏ ప్రశ్న దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి రెండు వారాలు తిరిగాను. తెలిసింది ఇది.

జూన్ 3న రాత్రి ఏడున్నరకు ఏఈ గారు, లైన్‌మన్ వచ్చారు. పగలు వస్తే లోడు కనపడదని ఆ వేళకే రమ్మని కోరాను, కాదనలేదు. లైన్‌మన్ టార్చి పట్టుకుంటే ఏఈ గారు టంగ్ టెస్టరు ఒక్కో ఫేజు వైరుకు తగిలించి చదివారు, నేను క్యాలెండరు వెనక రాసుకున్నాను. ఆర్ ఫేజు 112 ఆంపియర్లు, వై 97, బి 61. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోయగలిగింది 84. ఒకటి మూడో వంతు అదనంగా మోస్తుంటే ఇంకొకటి కొంత ఖాళీగా ఉంది. ఆర్ ఫేజు ఫ్యూజు మాటిమాటికీ ఎందుకు పోతోందో అక్కడే తెలిసిపోయింది.

ఏఈ గారు తన చేతిలో ఉన్న పని మరుసటి వారమే చేయించారు. ఆర్ ఫేజు మీదున్న కొన్ని ఇళ్ల సర్వీసు వైర్లను బి ఫేజుకు మార్పించారు. మళ్లీ కొలిస్తే 92, 91, 87 వచ్చాయి. మా ఇంటి దగ్గర 184 వోల్టులు. అంటే పంపకం సరైంది గానీ మొత్తం లోడు తగ్గలేదు. మూడు ఫేజులూ ఇప్పుడు సమానంగా అదనపు బరువు మోస్తున్నాయి. ఇక సర్దుబాటుతో అయ్యేది ఏమీ మిగల్లేదు, సామాను మార్చాల్సిందే. దానికి మంజూరు కావాలి.

జులైలో ఏఈ గారు 63 తీసి 100 కేవీఏ పెట్టడానికి ఎస్టిమేటు వేసి పైకి పంపారు. ఆగస్టులో అది ఒక ప్రశ్నతో వెనక్కి వచ్చింది. ఆ ప్రశ్న ఏడీఈ గారిది, విన్నాక నాకూ న్యాయమే అనిపించింది. 100 కేవీఏ పెడితే ఫేజుకు 133 ఆంపియర్ల దాకా మోస్తుంది, ఫ్యూజులు పోవడం ఆగుతుంది. కానీ చివరి ఇళ్లకు వోల్టేజి పెద్దగా పెరగదు. అక్కడ తగ్గుతున్నది 14 స్తంభాల దూరం సన్నటి తీగలో కరెంటు ప్రయాణించడం వల్ల. తీగ అదే, దూరం అదే, లోడు అదే. అందుకని, ఉన్నదాన్ని మార్చకుండా చివర్లో వేరేగా 25 కేవీఏ ఒకటి పెట్టి చివరి ఇళ్లను దాని మీదకు మార్చితే ఎలా ఉంటుందో చూడమన్నారు. 25 కేవీఏ ఫేజుకు 33 ఆంపియర్ల దాకా మోస్తుంది. ఓ 28 దాని మీదకు వెళ్లినా పాతదాని మీద 60 చిల్లరే మిగులుతుంది. రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి.

అయితే దానికి 11 కేవీ లైను ఆరు స్తంభాల మేర పొడిగించాలి. అందులో రెండు స్తంభాలు ఒక రైతు గట్టు మీద పడతాయి. ఆయన కుదరదనలేదు, సరేననీ అనలేదు. "పెద్దాఫీసరు వచ్చి ఎక్కడ పాతుతారో చూపిస్తే అప్పుడు చెప్తా" అన్నాడు. కొలతలు, రైతు మాట కలిపి ఏఈ గారు అక్టోబరులో తిరిగి నివేదించారు. స్థల సమ్మతి లేకుండా రెండో ఎస్టిమేటు వేయలేమని, మొదటిది అలాగే మంజూరు చేయమని కోరారు. నవంబరులో, సమ్మతి కోసం మరోసారి ప్రయత్నించమని కాగితం వచ్చింది. అప్పటి నుంచి ఫైలు అక్కడే ఉంది.

చూశారు కదా. త్వరగా అయ్యే పని కావాలని ఏఈ గారు అడుగుతున్నారు, సరిగా అయ్యే పని కావాలని ఏడీఈ గారు అడుగుతున్నారు. ఇద్దరి మాటా వేటికవే ఒప్పు. అలాంటప్పుడు వాళ్లిద్దరి మధ్య కాగితాలు ఎన్నిసార్లు తిరిగినా తేలదు. ఇద్దరికీ పైనున్నవారు ఒకటి ఎంచాలి. మీ దగ్గరకు రావడానికి కారణం ఇంతే.

నా కోరిక కూడా చిన్నదే. ఈ నెలలో ఒక సాయంత్రం ఏఈ, ఏడీఈ గార్లను వెంటబెట్టుకుని మా కాలనీకి రండి. గట్టు వెలుతుర్లో చూడాలి, లోడు చీకటి పడ్డాక చూడాలి కాబట్టి ఐదున్నరకు బయల్దేరితే రెండూ అవుతాయి. ఇప్పుడు చలికాలం, లోడు జూన్‌లో అంత ఉండదు. అప్పటి రీడింగులు ఫైల్లో ఉన్నాయి, వాటినే లెక్కలోకి తీసుకోమని మనవి. రైతును నేను పిలిపిస్తాను. ఆయన ఒప్పుకుంటే రెండో దారి, లేదంటే అక్కడికక్కడే మొదటి దారి అని చెప్పేయండి. నా మనసు రెండో దాని మీదే ఉంది, మాది చివరి ఇల్లు కాబట్టి ఆ మాట దాచను. కానీ మార్చి దాటితే ఏ దారైనా మాకు ఈ వేసవికి అందదు. ఈ లేఖను మెమో జతచేసి కిందికి పంపకుండా, వీలైతే ఇద్దరినీ పిలిచి ఒక్కసారి మాట్లాడండి.

లైను పెంచాల్సిన చోట వోల్టేజి సరిచేయడానికి సేవా ప్రమాణాల్లో 120 రోజుల గడువు ఉందని నాకు తెలుసు. వినియోగదారుల ఫోరం ఉందని, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారనీ తెలుసు. బెదిరింపుగా ఈ మాట చెప్పడం లేదు. మార్చి 15 దాకా చూసి, అప్పటికి ఏ దారో తేలకపోతే ఫోరంలో దరఖాస్తు వేస్తాను. ఆ సంగతి రేపు ఇంకెవరి నోటి ద్వారానో వినేకంటే ఇవాళ నేనే చెప్పడం పద్ధతి. అందులోనూ ఈ తేదీలే ఉంటాయి, ఇంతకు మించి ఒక్క ముక్క ఉండదు.

కాలనీలో కుర్రవాళ్లు సబ్‌స్టేషన్ ముందు బైఠాయిద్దాం బాబాయ్ అంటున్నారు. సాయంత్రాలు ఏఈ గారి ఫోను కలవదని కూడా ఈ లేఖలో రాయమన్నారు. రాయనన్నాను. ఆ ఫోను కలిసినా ఎస్టిమేటు మంజూరు కాదు. మీరు తీసుకోవాల్సిన నిర్ణయానికి పనికిరాని మాట, నిజమే అయినా, ఇందులో అక్కర్లేదు.

అలాగని అన్నిటికీ ఇంత ఓపిక పట్టమని వాళ్లకు చెప్పడం లేదు. సెప్టెంబరులో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీది ఫ్యూజు పెట్టెకు తలుపు ఊడిపోయింది. దాని పక్కనే పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆ రోజు ఎవరి చేతిలో ఏముందని ఆరా తీయలేదు. ఫొటో తీసి ఏఈ, ఏడీఈ గార్లిద్దరికీ ఒకేసారి పంపి, తలుపు పెట్టేదాకా ఇద్దరు మనుషుల్ని అక్కడ కాపలా కూర్చోబెట్టాం. రెండో రోజు తలుపు వచ్చింది. ప్రాణం మీదకొచ్చే పనికి వరస చూడనక్కర్లేదు. డబ్బు అడిగారన్న ఫిర్యాదైనా అంతే, దానికి దారి వేరు. మాది అలాంటిది కాదు, ఇక్కడ ఎవరూ మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు.

జూన్ రీడింగులు, మార్పిడి తర్వాతి రీడింగులు, ఎస్టిమేటు కాగితాల తేదీలు, లైను చేతి నమూనా ఒకే పేజీలో వేసి దీనికి జత చేశాను. గట్టు మీద రెండు స్తంభాలు పడే చోటు ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాను. మీరు వచ్చే రోజు ఒక రోజు ముందు ఏఈ గారికి చెప్పినా చాలు, రైతును, టంగ్ టెస్టరును నేను సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
14వ స్తంభం దగ్గరి ఇంటివాడు
(సర్వీసు నంబరు జతచేసిన పేజీలో ఉంది)

ప్రతులు: ఏఈ గారికి, ఏడీఈ గారికి