తాబేలుకు పేరు పెట్టే ముందు పిల్లల్ని అడగాల్సింది

సంపాదకుడు గారికి నమస్కారం.

శ్రీకాకుళంలో జరగబోయే మారథాన్‌కు మస్కట్‌గా తాబేలు బొమ్మను ఆవిష్కరించారని, దానికి 'సిక్కోలు సంకల్ప్' అని పేరు పెట్టారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చదివాను. అప్పుడే రాద్దామనుకున్నాను. పెద్దవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకున్నాను. కానీ మొన్న సాయంత్రం మా వీధిలో పిల్లలు ఆ పేపరు ముక్క పట్టుకుని బొమ్మను చూసి తెగ ముచ్చటపడ్డారు. పేరు చదవబోయి ఒకడు 'సంకలుపు' అన్నాడు, ఇంకొకడు 'సంకల' దగ్గరే ఆగి నవ్వేశాడు, మూడోవాడు "పోనీ తాబేలు అందాంరా" అని తేల్చేశాడు. అరనిమిషంలో ఆ పేరు వాళ్ల నోట్లోంచి పోయింది. అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

తాబేలును ఎంచుకున్నందుకు నిర్వాహకులను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. మన తీరానికి ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, పిల్లలయ్యాక వాటిని సముద్రంలోకి వదిలేటప్పుడు చుట్టుపక్కల బడిపిల్లలు వెళ్లి చూస్తారు. ఆ చిన్న తాబేళ్లు రెక్కల్లాంటి కాళ్లతో ఇసుకను తోసుకుంటూ కెరటం దాకా చేసే ప్రయాణం కన్నా పరుగుకు సరైన గుర్తు ఏముంటుంది? ఇంత మంచి బొమ్మ దొరికాక దాని పేరు దగ్గర ఇంత అజాగ్రత్తగా ఉన్నారే అన్నదే నా బాధ. ఆవిష్కరణ ఫొటోలో పధ్నాలుగు మంది పెద్దవాళ్లున్నారు, లెక్కపెట్టాను. ఒక్క పిల్లవాడు లేడు, ఒక్క ఆడపిల్ల లేదు. 'పిల్లలను ఆకట్టుకునేలా' అని మాత్రం వార్తలో రెండుసార్లు ఉంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను, అందులో చాలా భాగం ఇచ్ఛాపురం వైపే. మైదానంలో పిల్లలు ఏ పేరు అరుస్తారో, ఏది అరవరో నాకు తెలుసు. తెలుగులో మనిషిని పిలిచేటప్పుడు పేరు చివరి అచ్చును సాగదీస్తాం. చిట్టి 'చిట్టీ' అవుతుంది, రాముడు 'రాముడూ' అవుతాడు. గాలిలో దూరం పోయేది ఆ సాగదీసిన అచ్చే. 'సంకల్ప్' అనే మాట చివర సాగదీయడానికి ఏమీ లేదు, రెండు హల్లులు ఒకదాని మీద ఒకటి పడి నోరు మూసేస్తాయి. అందుకే పిల్లవాడు తనకు తెలియకుండానే చివర ఒక 'ఉ' తగిలించి 'సంకలుపు' అన్నాడు. అది వాడి తప్పు కాదు, మన భాష నడక అంతే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఏనుగుపిల్ల పేరు నా వయసు వాళ్లను నిద్రలో లేపి అడిగినా 'అప్పు' అని చెబుతారు. రెండే అక్షరాలు, మధ్యలో ఒత్తు, చివర సాగదీయడానికి అచ్చు. ఆ క్రీడల్లో ఏ పరుగులో ఎవరు గెలిచారో ఎంతమందికి గుర్తుంది?

మా పాఠశాలలో మేం చేసిన పని ఒకటి చెబుతాను. ఖోఖో జట్టుకు ఒక గుర్తు ఉండాలని పిల్లలే అడిగారు. మాకు తేలుకుంచి దగ్గర, అక్కడికి ఏటా వానాకాలంలో వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకునే నత్తగుల్ల కొంగలంటే ఆ ఊరివాళ్లకు ప్రాణం, కాబట్టి కొంగ అనడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. డ్రాయింగు మాస్టారు బొమ్మ గీశారు. ముక్కు మధ్యలో ఆ కొంగకు సహజంగా ఉండే సందు కూడా వేశారు. పేరు మాత్రం ఎవరూ సూచించకూడదని ఉపాధ్యాయులందరం ఒప్పుకున్నాం, ఎందుకంటే మాస్టారి నోట ఒక పేరు వచ్చిందా, సగం చీటీల మీద అదే ఉంటుంది.

బొమ్మను వరండాలో మూడు రోజులు ఉంచి పక్కన చీటీల డబ్బా పెట్టాం. చీటీ మీద రాసినవాళ్ల పేరు ఉండకూడదన్నాం. డబ్బా తెరిస్తే సినిమా హీరోల పేర్లే ఎక్కువ, వాటిని తీసేశాం. మిగిలినవాటిలో అందరికీ నచ్చిన పేరు ఒకటి కనిపించింది, 'నత్తి'. నత్తలు తింటుంది కదా, అందుకని. చిన్న పేరు, చివర అచ్చు ఉంది, పిలవడానికి తేలిక, నాకూ నచ్చింది. అప్పుడు తెలుగు టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో మాట తడబడే పిల్లవాడున్నాడు, మరిచిపోయారా?" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ పేరే పెట్టి ఉంటే ప్రతి ఆటలోనూ రెండు వందల మంది పిల్లలు 'నత్తీ నత్తీ' అని అరుస్తుంటే ఆ పిల్లవాడు ఎక్కడ దాక్కోవాలి? పేరు మంచిదా కాదా అని పిల్లలు నిఘంటువులో చూడరు, పక్కవాణ్ని ఏడిపించడానికి పనికొస్తుందా అన్నది వాళ్లకు ముందు తడుతుంది. ఆ రోజు నుంచి ఏ పేరు వచ్చినా హాజరుపట్టీ ముందు పెట్టుకుని చూసేవాళ్లం. ఆ పేరున్న పిల్లలు ఉన్నారా, ఎవరి లోపాన్నయినా, ఎవరి ఇంటిపేరునయినా తాకుతుందా అని. మా వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు చాలామంది, వాళ్ల చేత కూడా పలికించి, చెడ్డ అర్థమేమైనా వస్తుందా అని అడిగేవాళ్లం.

చివరికి మూడు పేర్లు మిగిలాయి. కొంగరాజు, తెల్లోడు, టకటక. ఈ మూడోది తేలుకుంచి నుంచి వచ్చే ఆరో తరగతి పాప రాసిందని తర్వాత తెలిసింది. "అవి అరవవు మాస్టారూ, ముక్కులు కొట్టుకుంటాయి, టకటకా అని చప్పుడొస్తుంది" అంది. నిజమే, ఆ జాతి కొంగలు అరవడం తక్కువ, గూటి దగ్గర ముక్కులు తాటిస్తాయి. ముప్పై ఏళ్లు ఆ దారినే తిరిగిన నాకు తట్టలేదు, రోజూ ఆ చెట్ల కింద నుంచి బడికొచ్చే పాపకు తట్టింది.

ఆ మూడింటినీ మైదానంలో పరీక్షించాం. ఆరో తరగతి వాళ్లను ఒక గోడ దగ్గర నిలబెట్టి, నేను అటు చివర గేటు దగ్గర నిలబడ్డాను. 'కొంగరాజూ' అంటే నాకు 'రాజూ' ఒక్కటే వినిపించింది. 'తెల్లోడు' బాగానే వినిపించింది కానీ, నల్లగా ఉన్న పిల్లలు ఇద్దరు దాన్ని అరవకుండా నోరు మూసుకుని నిలబడటం కళ్లారా చూశాను, ఇక దాన్ని పక్కన పెట్టేశాం. 'టకటకా' దగ్గరకొచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మొదలయ్యాయి. సగం మంది 'టక' అంటే మిగతా సగం 'టకా' అని అందుకున్నారు. ఖోఖోలో వెంటాడే పిల్ల అడుగులకు ఆ చప్పట్లు సరిగ్గా సరిపోయాయి. ఆ తర్వాత వారం రోజులు పేరు ఊసెత్తలేదు. వారం పోయాక కాగితాలిచ్చి గుర్తున్న పేర్లు రాయమంటే దాదాపు అందరూ రాసింది ఒకటే. ఓటింగు తరగతికి ఒకటే ఓటు చొప్పున పెట్టాం, లేకపోతే యాభై మంది ఉన్న తరగతి ఇరవై మంది ఉన్న తరగతిని మింగేస్తుంది. టోక్యో 2020 ఒలింపిక్స్ మస్కట్ బొమ్మను ఎంచుకోవడానికి కూడా జపాన్‌లో ప్రాథమిక పాఠశాలల తరగతులకు తలా ఒక ఓటు ఇచ్చారు, రెండు లక్షలకు పైగా తరగతులు ఓటు వేశాయి. అంత పెద్ద దేశానికి కుదిరిన పని మన ఊరికి కుదరదా?

పిల్లల్ని అడిగితే పిచ్చి పేర్లు వస్తాయని కొందరి భయం. బ్రిటన్‌లో 2016లో ఒక పరిశోధన నౌకకు పేరు చెప్పండని జనాన్ని అడిగితే 'బోటీ మెక్‌బోట్‌ఫేస్' అనే పేరుకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి, అధికారులు దాన్ని పక్కన పెట్టి వేరే పేరు పెట్టారు, ఓట్లు వచ్చిన పేరును నౌకలోని ఒక చిన్న జలాంతర్గామి యంత్రానికి ఇచ్చారు. అక్కడ జరిగిన పొరపాటు జనాన్ని అడగడం కాదు. వడపోత ముందు చేయకుండా, ఓట్లు పడ్డాక చేశారు. చీటీలు వచ్చాక, ఓటు వేయకముందు జల్లెడ పట్టాలి. ఓటు పడ్డాక మాట తప్పితే పిల్లలు ఇంకోసారి మన డబ్బాలో చీటీ వేయరు.

మన దగ్గర పిల్లల కోసం చేసే ప్రతి పనీ ఇలాగే ఎందుకు జరుగుతోందో నాకు అర్థం కాదు. బాలల దినోత్సవం అంటే వాళ్లను గంటలకొద్దీ ఎండలో కూర్చోబెట్టి పెద్దలు ప్రసంగిస్తారు. పార్కులో జారుడుబండ పెడితే రేకుతో పెడతారు, మధ్యాహ్నం దాని మీద కూర్చుంటే తొడలు కాలతాయి. ఒక్క పిల్లవాణ్ని ఎక్కించి చూసి ఉంటే తెలిసేది. ఆటల పోటీలకు జట్లను తీసుకెళ్లేటప్పుడు పిల్లలకు మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లుండరు కానీ, వేదిక మీద ఎవరి ఫ్లెక్సీ ఎక్కడుండాలో రాత్రంతా చర్చ జరుగుతుంది. కరణం మల్లేశ్వరి పెరిగిన జిల్లా ఇది, 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన అమ్మాయి మన ఆమదాలవలస పక్కనే బరువులెత్తడం నేర్చుకుంది. అలాంటి చోట పిల్లల్ని ఆటల వైపు పిలవడానికి పెట్టుకున్న బొమ్మకు, పిల్లలు పిలవలేని పేరు పెడితే ఎలా?

నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. మారథాన్‌కు ఇంకా రెండు నెలలుంది, టీషర్టుల మీద పేరు ఇంకా అచ్చు వేయలేదని విన్నాను, దయచేసి ఆపండి. బొమ్మను అలాగే ఉంచండి. సముద్రం ఒడ్డున ఉన్న బడులు నాలుగు, పట్టణంలోవి నాలుగు తీసుకుని, ఒక్కో బడిలో మూడు రోజులు చీటీల డబ్బా పెట్టండి, తాబేలు పిల్లల్ని చేతిలో పట్టుకుని వదిలిన పిల్లలు ఆ తీరం బడుల్లో తప్పకుండా ఉంటారు. వడపోతకు ఒక తెలుగు టీచరును, ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ని, హైస్కూలు చదివే ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. మిగిలిన మూడు పేర్లనూ ఏదైనా బడి మైదానంలో ఆరో తరగతి వాళ్ల చేత అరిపించి, గేటు దగ్గర నిలబడి వినండి. ఇదంతా పదిహేను రోజుల పని, డబ్బాకు, చీటీలకు తప్ప ఖర్చు లేదు. గేటు దగ్గర నిలబడటానికి ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఇచ్ఛాపురం, శ్రీకాకుళం జిల్లా