రెండు పోస్టర్లలో ఏది గోడెక్కాలి

చెన్నై,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

ఉగాది కవి సమ్మేళనానికి మీ జూనియర్లు వేసిన రెండు పోస్టర్లూ చూశాను. పచ్చడి ఫొటో ఉన్నది కంటికి ఎంతో ముచ్చటగా ఉంది. అయినా గోడకి మాత్రం పసుపు రంగుదే ఎక్కించరా.

ఎందుకో చెప్తాను. క్యాంటీన్ వరండాలో నడిచేవాడికి నోటీసు బోర్డు సుమారు 5 మీటర్ల దూరం. పోస్టర్లు వేసేవాళ్లు వాడే లెక్క ఏంటంటే, 3 మీటర్ల దూరానికి అక్షరం 25 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా చదవొచ్చు. పచ్చడి పోస్టర్ ఏ3 సైజులో వేస్తే శీర్షిక 18 మిల్లీమీటర్లే, అంటే రెండు మీటర్ల దగ్గరికి వస్తే తప్ప అందదు. పసుపుదాంట్లో 45 ఉంది, 5 మీటర్లకి సరిపోతుంది.

కొలిచేటప్పుడు ఫాంట్ పాయింట్లని నమ్మొద్దు. 100 పాయింట్లంటే లెక్కకి 35 మిల్లీమీటర్లు, కానీ అందులో గుడికీ ఒత్తుకీ చోటు పోగా అసలు అక్షరానికి మిగిలేది చాలా తక్కువ. ప్రింటు తీసి ‘గ’ మీద స్కేలు పెట్టు.

ఇంకోటి, ఆ బ్రష్ ఫాంట్. ‘వి’కీ ‘పి’కీ తేడా పైన ఉండే చిన్న సందే కదా! గీత అక్కడ విచ్చుకుంది, దూరం నుంచి ‘కవి’ కాస్తా ‘కపి’లా కనిపిస్తోంది. అతిథుల ముందు ఆ మాట పడకూడదు. పసుపు మీద ముదురు మెరూన్ మామూలు అక్షరాలకి ఈ బెడద లేదు.

ప్రింటుకి డబ్బు పెట్టేముందు ఫోన్లోనే తేల్చుకోవచ్చు. పోస్టర్ బొమ్మని 3 సెంటీమీటర్ల వెడల్పుకి కుదించి, ఫోన్ని అర మీటరు దూరంలో పట్టుకో. 5 మీటర్ల నుంచి ఏ3 కంటికి అంతే ఉంటుంది. పచ్చడిదాంట్లో నీకు కనిపించేది గిన్నె ఒక్కటే.

వరసకొస్తే, పచ్చడిదాంట్లో పైన మూడో వంతు కాలేజీ ముద్ర, సంఘం పేరు, ముఖ్య అతిథులే తినేశారు. తేదీ అట్టడుగున మామిడాకుల మీద తెల్లగా, 7 మిల్లీమీటర్లు. నడిచేవాడికి ముందు ఏంటో తెలియాలి, తర్వాత ఎప్పుడు, ఎక్కడ. ఈ మూడూ అందాకే ఆగి దగ్గరికొస్తాడు, అతిథుల పేర్లు అప్పుడు చదువుతాడు. ముద్రని కింద మూలకి దింపండి. అది పైనే ఉండాలని ప్రిన్సిపాల్ గారు అంటే సన్నటి పట్టీలా పెట్టండి, శీర్షిక చోటు మాత్రం ఇవ్వొద్దు.

పసుపుదాంట్లోనూ ఒక పెద్ద లోపం ఉంది. వేదిక పేరు క్యూఆర్ కోడ్ పక్కన చీమ తలకాయంత ఉంది. దాన్ని తేదీ కిందికి తెచ్చి, రెండూ 25 మిల్లీమీటర్లకి పెంచండి. చోటు చాలకపోతే ‘అందరూ ఆహ్వానితులే’ తీసెయ్యండి. ఇక్కడ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాని పిల్లలు చాలామంది, అందుకని తేదీ, వేదిక ఇంగ్లీషులోనూ వెయ్యాలి. కోడ్ 3 సెంటీమీటర్లదైతే ఫోన్ 30 సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి, కాబట్టి బోర్డు పై అంచున కాకుండా చెయ్యి అందే ఎత్తులో అంటించమను.

సరిచేసిన పీడీఎఫ్ రాగానే నాకు పంపు, ముందు ఒకే ఒక్క కాపీ తీసి బోర్డు మీద చూద్దాం.

నీ
మురళి