పర్యాయపదాల ప్రశ్నల ‘కీ’ గురించి పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. తెలుగు ప్రశ్నపత్రంలో పదజాలం విభాగం కింద వచ్చే ఒక రకం ప్రశ్నల గురించి, వాటికి పైనుంచి వచ్చే ‘కీ’ గురించి మీకు చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పిల్లవాడు రాసిన పదం అర్థానికి సరిపోతుంది, అయినా ఆ పదానికి ఏదో అమంగళపు ఛాయ ఉందనో, ఆ వాక్యంలో అది అతకదనో తప్పు పడుతుంది. ఇలా దిద్దడం కొన్నిచోట్ల న్యాయమే, కొన్నిచోట్ల మాత్రం పిల్లల ఇంటిభాషనే తప్పుపట్టడం అవుతోంది.

మా పిల్లలు రాసిన ఒక పరీక్షలో ఇలాంటి ప్రశ్న వచ్చింది. ‘మా తాతగారు నిన్న పొద్దున్నే కదిరికి వెళ్లారు’ అన్న వాక్యంలో ‘వెళ్లారు’ కింద గీత గీసి, దాని బదులు వాడదగిన పదాన్ని గుర్తించమన్నారు. పోయారు, వచ్చారు, బయల్దేరారు, చేరారు అని నాలుగు జవాబులు ఇచ్చారు. తరగతిలో సగానికి పైగా పిల్లలు ‘పోయారు’ గుర్తించారు, కీలో ‘బయల్దేరారు’ అని ఉంది. కారణం కనుక్కుంటే, పెద్దవాళ్లను ‘పోయారు’ అంటే చనిపోయారన్న అర్థం వస్తుంది కనుక అది వాడదగిన పదం కాదని చెప్పారు. పేపర్లు పంచుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, “మా ఇంట్లో అందరం అట్లే అంటాం కదా సార్, మా జేజినాయన కదిరికి పోయినాడనే కదా అంటాం” అంది. నేను కీ చూపించి కూర్చోబెట్టాను. అలా చేసినందుకు ఈనాటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే ఆ అమ్మాయి చెప్పిందే నిజం.

‘పోయారు’ అన్న మాటకు మరణం అన్న అర్థం ఎప్పుడు వస్తుందో కాస్త నిదానించి చూడాలి. ‘తాతగారు పోయారు’ అని ఊరుకుంటే, ఎక్కడికో చెప్పలేదు కనుక, వినేవాడి గుండె ఝల్లుమంటుంది. ‘తాతగారు కదిరికి పోయారు’ అన్నప్పుడు ‘కి’ విభక్తి చేరి గమ్యం చెప్పేసింది కనుక ఆ అర్థానికి చోటే లేదు. రాయలసీమలో ఈ క్రియ నిత్యవ్యవహారంలో ఉన్నది, అందులో అమర్యాద ఏమాత్రం లేదు. కోస్తా జిల్లాల్లో కొందరి చెవికి గమ్యం చెప్పినా అది మొరటుగా వినబడవచ్చు, ఆ మాట నేను కాదనను. కానీ అది వినేవారి అలవాటుకు సంబంధించిన సంగతి. దానికి తలవంచి కీలో పెట్టిన ‘బయల్దేరారు’ అర్థానికే సరిపోదు. బయల్దేరిన మనిషి దారిలోనే ఉండవచ్చు, బస్సు దొరక్క ఇంటికి తిరిగి వచ్చి ఉండనూవచ్చు. ఒక ఛాయను తప్పించబోయి అసలు అర్థాన్నే వదులుకున్నారు.

సెలవు తీసుకునేటప్పుడు కోస్తావాళ్లు ‘వెళ్తాను’ అని ఊరుకోరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. మా దగ్గర ‘పోయొస్తాను’ అంటారు. అంటే అశుభం ‘పోవు’ అన్న ధాతువులో లేదు, తిరిగి వస్తానన్న మాట చెప్పకుండా గడప దాటడంలో ఉంది. ఈ సూక్ష్మం తెలుసుకోదగినదే, అయితే దాన్ని పరీక్షించాలంటే ఆ సందర్భాన్ని వాక్యంలో చూపించి అడగాలి.

ఇదే జంటలో రెండో పదమైన ‘వెళ్లు’ను న్యాయంగా తప్పుపట్టవలసిన చోటు కూడా ఉంది. ‘కరెంటు పోయింది’, ‘పరువు పోయింది’, ‘ప్రాణం పోయింది’ అంటాము. ఏ జిల్లాలోనూ ‘పరువు వెళ్లింది’ అని ఎవరూ అనరు. వెళ్లు, పోవు పర్యాయపదాలన్నది నిజమే, కానీ ఒకదాని స్థానంలో మరొకటి నిలుస్తుందో లేదో వాక్యమే తేలుస్తుంది, పర్యాయపదాల పట్టిక కాదు. ‘అన్నం తిన్నారా’, ‘భోజనం చేశారా’ అన్న రెండూ ఒకటే ప్రశ్న. ‘అన్నం చేశారా’ అంటే మాత్రం వండారా అని అడిగినట్టు. ఇంట్లో బియ్యం అయిపోయాయన్న మాట అనలేక మన ఆడవాళ్లు ‘బియ్యం నిండుకున్నాయి’ అంటారు. ఆ మాటకు డబ్బా నిండా బియ్యం ఉన్నాయని అర్థం రాసిన పిల్లవాడికి మార్కు ఇవ్వకపోతే నాకు అభ్యంతరం లేదు. ఇలాంటి ప్రశ్నలు తీసేయమని నేను అడగడం లేదు. భాష వచ్చినవాడికీ పట్టిక బట్టీ పట్టినవాడికీ తేడా తేలేది వీటిలోనే.

తప్పు ఎక్కడ జరుగుతుందో, ప్రశ్నపత్రాలు తయారుచేసే పనిలో నేనూ కూర్చున్నాను కనుక చెప్పగలను. ముందు సరైన జవాబు ఒకటి అనుకుంటాం. మిగతా మూడూ మరీ దూరంగా ఉంటే ప్రశ్న తేలికైపోతుందని, పర్యాయపదాల్లోంచే ఒకదాన్ని తెచ్చి పక్కన పెడతాం. అది ఎందుకు తప్పో అప్పుడు ఆలోచించుకుంటాం. ఆ సమయంలో తూనికగా నిలబడేది మన సొంత చెవి ఒక్కటే. నేను తూర్పుగోదావరి పిల్లలకు ప్రశ్నపత్రం రాసినా ఇదే పొరపాటు చేస్తాను.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వాక్యంలో ఖాళీ వదిలి, జవాబులేవీ ఇవ్వకుండా, శ్రీకాకుళంలో ఒక తరగతికీ, గుంటూరులో ఒక తరగతికీ, అనంతపురంలో ఒక తరగతికీ ఇచ్చి పూరించమంటే చాలు. మూడుచోట్లా ఒకటే మాట వస్తే ఆ ప్రశ్న నిలుస్తుంది. ఒకచోట ‘వెళ్లారు’, ఇంకొకచోట ‘పోయారు’ వస్తే ఆ రెండింటినీ ఒప్పుకోవాలి, లేదా ఆ ప్రశ్నను పక్కన పెట్టాలి. కొత్త ప్రశ్న బయటకు పొక్కుతుందన్న భయం ఉంటే, పాత ప్రశ్నలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.

అందువల్ల తమరిని కోరేది ఏమంటే, ప్రశ్నలో ‘వాడదగిన పదం’ అన్న అస్పష్టమైన మాట మాన్పించి, అడుగుతున్నది అర్థమా, వాడుకా అన్నది తేటగా రాయించండి. అర్థం అడిగినప్పుడు అర్థానికి సరిపోయిన ప్రతి జవాబుకూ మార్కు రావాలి. వాడుక అడిగినప్పుడు పూర్తి వాక్యం, అవసరమైతే ముందు వాక్యం కూడా ఇచ్చి, ఒక పర్యాయపదాన్ని తప్పుగా లెక్కించిన ప్రతిచోటా అది ఎందుకు అతకదో ఒక్క వాక్యంలో కీ పక్కన రాయాలన్న నిబంధన పెట్టండి. ‘కదిరికి పోయారు’ పక్కన ఆ కారణం రాయడానికి కూర్చుంటే, రాసేవారికే అది నిలవదని తెలిసిపోయేది. ఉపాధ్యాయ నియామక పరీక్షలకు ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటున్నారు. బడిపిల్లల పరీక్షల్లో ఈ ఒక్క విభాగానికైనా, మూల్యాంకనం మొదలయ్యే ముందు మాలాంటి ఉపాధ్యాయుల అభ్యంతరాలు వినే ఏర్పాటు చేయించండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది. మొన్న తన నోటుపుస్తకంలో సొంతవాక్యం రాస్తూ ‘పోయినాడు’ అని రాసి, కొట్టేసి, పైన ‘వెళ్ళాడు’ అని దిద్దుకుంది. ఆ కొట్టివేత పక్కన ‘రెండూ సరైనవే’ అని నేను ఎర్ర సిరాతో రాశాను. పరీక్ష పేపరు మీద కూడా ఆ మాట రాసే అధికారం మాకు ఇప్పించమని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా