No Signal అని వస్తే టెక్నీషియన్‌ని పిలిచే ముందు ఒక ఫొటో పంపండి

“అన్నా, సిస్టమ్ ఆన్ అవుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లన్నీ వెలుగుతున్నాయి. మానిటర్ మీద మాత్రం No Signal అంటోంది. గ్రాఫిక్స్ కార్డు పోయిందా?”

పోయి ఉండకపోవచ్చు. ముందు కేబినెట్ వెనక్కి వెళ్లి, మానిటర్ కేబుల్ ఏ పోర్టులో ఉందో చూడండి. పైభాగంలో యూఎస్‌బీ, నెట్ కేబుల్, స్పీకర్ పిన్నుల పక్కనే ఒక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది. అది మదర్‌బోర్డుది. దానికి కొంచెం కింద, అడ్డంగా వరుసగా మూడు నాలుగు పోర్టులున్న పట్టీ కనిపిస్తుంది. అదే గ్రాఫిక్స్ కార్డు. మీ కేబుల్ ఉండాల్సింది అక్కడ.

ఇల్లు మారినవాళ్ల నుంచి మా గుంటూరు షాపుకి ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. మొన్న గోరంట్లలో కొత్త ఫ్లాట్‌లోకి వెళ్లిన కస్టమర్ విషయమే చూడండి. మానిటర్‌కి వాడే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఇంకా విప్పని అట్టపెట్టెల్లో ఎక్కడో ఉండిపోయింది. టీవీ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసి పెడదామనుకున్నారు. కార్డు మీద హెచ్‌డీఎంఐకి కంపెనీ పెట్టిన నల్లటి ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. ఆ మూత చూస్తే అక్కడ పోర్టు ఉందని ఎవరికీ అనిపించదు. పైన మదర్‌బోర్డు పోర్టు తెరిచే కనిపించింది, కేబుల్ చక్కగా పట్టింది. ఇక ఎవరికి అనుమానం వస్తుంది?

ఫోన్లో నేను అడిగింది ఒక్కటే: కీబోర్డు మీద Num Lock నొక్కితే లైటు ఆరి వెలుగుతోందా? వెలుగుతోందన్నారు. అంటే సిస్టమ్ లోపల మామూలుగానే నడుస్తోంది, బొమ్మ మానిటర్‌కి చేరడం లేదంతే. వెనక ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాను. ఫొటో రాగానే సంగతి తెలిసిపోయింది. సిస్టమ్ ఆఫ్ చేసి, కార్డు మీద మూత పీకి, కేబుల్ కిందికి మార్చారు. డిస్‌ప్లే వచ్చేసింది.

పై పోర్టు ఎందుకు పనిచేయలేదంటే, దానికి బొమ్మ ఇవ్వాల్సింది ప్రాసెసర్. ఆయనది i5-12400F. ఇంటెల్‌లో పేరు చివర F ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. Ryzen 5 5600 కూడా అంతే. అలాంటి ప్రాసెసర్ పెట్టినప్పుడు మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు కుళాయి ఉండి నీళ్ల కనెక్షన్ లేనట్టే. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నా, కార్డు తగిలించగానే పై పోర్టుని బయోస్ ఆపేసే బోర్డులు చాలా ఉన్నాయి.

నిజానికి No Signal వచ్చినవాళ్లే నయం. కొన్ని సిస్టమ్‌లలో పై పోర్టు నుంచి కూడా డిస్‌ప్లే వచ్చేస్తుంది. బొమ్మ వస్తోంది కదా అని ఊరుకుంటారు, గేమ్ మాత్రం నత్తనడక నడుస్తుంది. వేలు పోసి కొన్న కార్డు పనికిరానిదని మా మీద కోపం. అలా అనిపిస్తే విండోస్‌లో Settings, System, Display, Advanced display వరకు వెళ్లి చూడండి. మానిటర్ ఏ గ్రాఫిక్స్‌కి కనెక్ట్ అయి ఉందో అక్కడ పేరుతో సహా రాసి ఉంటుంది. మీ కార్డు పేరు కాకుండా Intel UHD Graphics అని ఉంటే కేబుల్ పైన ఉన్నట్టే.

ఇక మా వైపు నుంచి రెండు మార్పులు. ఇప్పటిదాకా ఇలాంటి పనికి మనిషిని పంపి విజిట్ చార్జీ తీసుకునేవాళ్లం. పెట్రోలు, మనిషి సమయం మాకూ ఖర్చే కాబట్టి తప్పేమీ లేదు, కానీ కేబుల్ మార్చినందుకు డబ్బులు ఇవ్వడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఇకనుంచి No Signal అంటే ముందు వెనక ఫొటో పంపండి, చూసి చెప్పడానికి ఏమీ తీసుకోం. ఫొటో పంపకుండా మనిషినే పంపమంటే మాత్రం చార్జీ మామూలే. రెండోది, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేని సిస్టమ్ అసెంబుల్ చేస్తే పై పోర్టుకి మూత పెట్టి, కార్డు హెచ్‌డీఎంఐ మూత మేమే తీసి ఇస్తాం. గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లకు పై పోర్టు మూయం. రేపు కార్డే పాడైతే, దాన్ని తీసేసి ఆ పోర్టుతో పని నడుపుకోవచ్చు.

కేబుల్ సరైన చోటే ఉన్నా డిస్‌ప్లే రాకపోతే, మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ మార్చి చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి మానిటర్‌ని డిస్‌ప్లేపోర్ట్ మీద ఉంచితే ఏమీ రాదు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసేటప్పుడు దాని మీద నొక్కే బటన్ ఉంటే నొక్కి లాగండి, ఊరికే పీకితే పోర్టు దెబ్బతింటుంది. Num Lock లైటు అసలు మారకపోతే అది వేరే సమస్య. ర్యామ్ కావచ్చు, కార్డుకి వెళ్లే పవర్ వైరు ఊడి ఉండొచ్చు. అప్పుడు షాపుకి తీసుకురండి. కేబినెట్ ఒక్కటే చాలు, మానిటర్ మోసుకురావద్దు. కేబుల్ మాత్రం వెంట తెండి, ఒక్కోసారి పాడైంది అదే అయి ఉంటుంది.