అమ్మ వేళ్ల విషయంలో దారి చూపిన ఇద్దరికి కృతజ్ఞతలు

అనంతపురంలో మా అమ్మ పాల బూత్ నడుపుతుంది. వయసు 48. పోయిన డిసెంబర్‌లో, తెల్లవారుజామున ఐసు ట్రేలోంచి ప్యాకెట్లు తీస్తుంటే కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు సున్నం పూసినట్టు తెల్లబడటం మొదలైంది. తెలుపు ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలిసేది. గిల్లినా స్పర్శ ఉండేది కాదు. కాసేపటికి నీలంగా మారి, ఎండ తగిలాక ఎర్రబడి చురచురమనేవి. ఒకరోజు వెచ్చదనం కోసం పొయ్యి దగ్గర పెట్టుకుంటే కాలింది కూడా తెలియలేదు.

ఒక క్లినిక్‌లో నరాల బలహీనత అన్నారు. రెండు నెలలు బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేయించాం. ఏం మారలేదు.

మా వీధిలో నర్సుగా చేసే అక్కకి మొదటి దండం. "డాక్టర్ ముందు కూర్చునేసరికి ఆ రంగులు పోతాయి, వచ్చినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమ్మా" అంది. మధ్య వేలి కొసన మానని చిన్న పుండు చూసి, ఇక ఆలస్యం చేయొద్దని పట్టుబట్టింది కూడా ఆమే.

రెండో దండం ఆ డాక్టర్ మేడంకి. ఫొటోలు చూసి దీన్ని రేనాడ్స్ అంటారన్నారు. చలికి వేళ్లలోని సన్న రక్తనాళాలు అతిగా బిగుసుకుపోయి రక్తం ఆగుతుందట, నరాల లోపం కాదు. తర్వాత నన్ను చూపించి, "ఇదే మీ అమ్మాయికి రెండు చేతులకీ ఒకేలా, పుండ్లు లేకుండా వచ్చుంటే నేను ఇంత కంగారు పడను" అన్నారు. ఎక్కువమందికి చిన్న వయసులో, వేరే జబ్బేమీ లేకుండా వచ్చే రకం అదేనట. దాన్ని ప్రైమరీ అంటారు. అమ్మకి మాత్రం నలభై దాటాక వచ్చింది, ఒక చేతికే ఎక్కువ, పైగా పుండు. ఏడాదిగా ఉంగరం పట్టడం లేదని అమ్మ చెప్పగానే మేడం వేళ్ల మీది చర్మం మడత పట్టి చూశారు. మడత పడలేదు.

గోరు మొదట్లో చర్మం మీద నూనె చుక్క వేసి, లైటున్న భూతద్దం పెట్టి నాకూ చూపించారు. ముందు నా గోరు: హెయిర్‌పిన్నుల్లాంటి సన్న నాళాలు దువ్వెన పళ్లలా వరసగా ఉన్నాయి. తర్వాత అమ్మది: కొన్ని ఉబ్బిపోయి, మధ్యలో అసలు నాళాలే లేని ఖాళీలు. శరీరం తన మీద తానే దాడి చేసుకుంటోందేమో చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. చర్మం గట్టిపడి బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా అనే జబ్బు తొలిదశ అని తేలింది. అంటే సెకండరీ రకం, వెనక ఇంకో జబ్బు ఉన్నది.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని దాచకుండా చెప్పారు. నాళాలు సడలడానికి నిఫెడిపిన్ రాశారు, బీపీ పడిపోకుండా చూసుకోమన్నారు. ఊపిరితిత్తులు, గుండె కూడా దెబ్బతినొచ్చని శ్వాస పరీక్ష, ఎకో చేయించారు. రెండూ బాగున్నాయి, ఏటా మళ్లీ చేయించాలి.

ఇప్పుడు అమ్మ గ్లోవ్స్ వేసుకునే ప్యాకెట్లు తీస్తోంది. వేళ్లు తెల్లబడితే పొయ్యి జోలికి పోకుండా గోరువెచ్చని నీళ్లలో పెడుతోంది. మేడం, పుండు మానింది. ఫొటో తీసి ఉంచాను, వచ్చే చెకప్‌కి తెస్తాను.